ఆఫీసు వేళల తర్వాత వేరే పని చేస్తే కంపెనీ ఆపగలదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ప్రధానంగా హైదరాబాద్, విశాఖ, బెంగళూరు లాంటి చోట్ల ప్రైవేటు కంపెనీల్లో, ఎక్కువగా ఐటీలో, నెలజీతానికి పనిచేసేవాళ్ల కోసం. ప్రభుత్వోద్యోగులకు, హెచ్-1బీ మీద అమెరికాలో ఉన్నవాళ్లకు నిబంధనలు వేరు. వాళ్ల సంగతి చివర్లో ఉంది.

ఒక్క ముక్కలో చెప్పండి. ఆపగలదా, లేదా?

ఆపగలదు. మీరు ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరే పని చేయకూడదని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసి మీ సంతకం తీసుకుంటే ఆ షరతు మామూలుగా చెల్లుతుంది. సాయంత్రం ఏడు తర్వాత చేశాను, ఆదివారం చేశాను అన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు.

అయితే షరతు చెల్లడం వేరు, దాన్ని పట్టుకుని కంపెనీ మిమ్మల్ని ఏం చేయగలదన్నది వేరు. ఆదివారం పిల్లలకు లెక్కలు చెప్పినవాడికీ, పోటీ కంపెనీలో రెండో జీతం తీసుకున్నవాడికీ కోర్టులో ఒకే రకం జవాబు రాదు.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఇలాంటి షరతులు చెల్లవని చదివాను. అది అబద్ధమా?

సగం నిజం. ఎవరినైనా చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 చెబుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఈ ఒక్క వాక్యమే. కోర్టులు దాన్ని ఎలా చదివాయన్నది ఆ మెసేజుల్లో ఉండదు.

అసలు తీర్పు 1967లో వచ్చింది. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీకి కల్యాణ్‌లో టైర్ కార్డ్ దారం తయారుచేసే ప్లాంటు ఉండేది. హాలెండ్ కంపెనీ నుంచి సాంకేతిక పరిజ్ఞానం తెచ్చుకుని, నిరంజన్ శంకర్ గోలికరీ అనే షిఫ్ట్ సూపర్‌వైజర్‌ను ఐదేళ్ల ఒప్పందం మీద పెట్టుకుంది. ఆ ఐదేళ్లలో మధ్యలో మానేసినా మిగిలిన కాలం మరెక్కడా ఆ పని చేయకూడదని షరతు. ఆయన రెండేళ్లు నిండకుండానే వదిలేసి, ఎక్కువ జీతానికి రాజస్థాన్‌లోని కోటాలో అదే రంగం కంపెనీలో చేరారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒప్పందకాలం నడుస్తుండగా ఒకే యజమాని దగ్గర పనిచేయాలన్న షరతును సెక్షన్ 27 కింద వృత్తికి అడ్డుగా సాధారణంగా చూడనక్కర్లేదని కోర్టు తేల్చింది. షరతు మరీ దారుణంగానో, అన్యాయంగానో, ఏకపక్షంగానో ఉంటే మాత్రం అది వేరే సంగతి అంది.

ఉద్యోగం పోయాక పరిస్థితి తిరగబడుతుంది. మా దగ్గర మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరొద్దు అన్న షరతును కోర్టులు సెక్షన్ 27 కింద పక్కన పెడుతూ వచ్చాయి. 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్‌కూ, ఆయన మేనేజ్‌మెంట్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను మళ్లీ చెప్పింది. 2025 మే నెలలో విజయా బ్యాంక్ బాండు కేసులోనూ అదే గీత. ఒప్పందం అమల్లో ఉండగా పెట్టిన ఆంక్షలు సెక్షన్ 27కి తగలవని చెప్పి, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును కోర్టు సమర్థించింది.

కాబట్టి హెచ్‌ఆర్‌కు రాసే జవాబులో సెక్షన్ 27ని అస్త్రంలా తీయకండి. ఉద్యోగంలో ఉన్నవాళ్ల విషయంలో అది మీకు పనికిరాదు. పైగా అటువైపు లాయరుకు మీరు తీర్పులు చదవలేదని అర్థమైపోతుంది.

నా కాంట్రాక్టులో ఏ భాగం చూడాలి?

ముందు ఏయే కాగితాలకు మీరు కట్టుబడి ఉన్నారో పోగేయండి. ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, చేరిన రోజు సంతకం పెట్టిన గోప్యతా ఒప్పందం, మేధోసంపత్తి ఒప్పందం, ఆ తర్వాత పోర్టల్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన ప్రవర్తనా నియమావళి. చాలామంది ఆఫర్ లెటర్ ఒక్కటి చూసి ఏమీ లేదనుకుంటారు. నిషేధం మాత్రం ఏటా మార్చే ప్రవర్తనా నియమావళిలో, 'ప్రయోజనాల వైరుధ్యం' అన్న శీర్షిక కింద ఉంటుంది. కంపెనీ విధానాలు ఎప్పటికప్పుడు మారతాయి, అవీ మీకు వర్తిస్తాయి అనే వాక్యం అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందంటే ఆ నియమావళి కూడా ఒప్పందంలో భాగమైనట్టే.

తర్వాత వాక్యాన్ని నిదానంగా చదవండి. స్థూలంగా మూడు రకాలు కనిపిస్తాయి.

ఒకటి, పూర్తి నిషేధం. జీతం ఉన్నా లేకున్నా, నేరుగా గానీ పరోక్షంగా గానీ, మరే ఉద్యోగం, వ్యాపారం, వృత్తి చేయరాదు అని ఉంటుంది. 'జీతం లేకున్నా' అన్న మాటను గమనించండి. స్నేహితుడి స్టార్టప్‌కు ఉచితంగా సలహాదారుగా ఉండటం కూడా దీని కిందికి వస్తుంది.

రెండు, ముందస్తు లిఖిత అనుమతి లేకుండా చేయరాదు అనేది. పెద్ద కంపెనీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇక్కడ తప్పు ఉన్నది పని చేయడంలో కాదు, అడక్కుండా చేయడంలో. మేనేజర్ మాటమీద 'సరే' అంటే చాలదు, లిఖితంగా ఉండాలి.

మూడు, కంపెనీ ప్రయోజనాలకు దెబ్బ తగిలే పని చేయరాదు అనేది. ఇది మీకు అన్నింటికన్నా అనుకూలం, ఎందుకంటే దెబ్బ తగిలిందని చూపాల్సిన బరువు కంపెనీ మీద పడుతుంది. సంస్థలో కార్మికుల పని నిబంధనలను స్టాండింగ్ ఆర్డర్స్ అంటారు. వాటి మీద 1946లో వచ్చిన చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లోనూ ధోరణి ఇదే. యజమాని ప్రయోజనానికి నష్టం కలిగించగల అదనపు ఉద్యోగాన్ని కార్మికుడు చేపట్టకూడదని అవి చెప్పాయి తప్ప, ఏ అదనపు పనీ చేయకూడదని చెప్పలేదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. దాని ప్రకారం స్టాండింగ్ ఆర్డర్స్ 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే తప్పనిసరి.

'పూర్తి సమయం, పూర్తి శ్రద్ధ కంపెనీకే కేటాయించాలి' అన్న వాక్యం ఒక్కటే ఉండి, వేరే పని ఊసు లేకపోతే? అదొక నడిమి రకం. కంపెనీ దాన్ని నిషేధంగా చదువుతుంది. పని వేళల్లో పూర్తి శ్రద్ధ అని మీరు వాదించవచ్చు. ఇలాంటి చోట ముందే అడిగి రాయించుకోవడం మేలు.

కాంట్రాక్టులో దీని గురించి ఒక్క మాటా లేదు. ఇక నా ఇష్టమేనా?

మీరనుకున్నంత స్వేచ్ఛ లేదు. ఒక బీడీ ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సాధారణ సూత్రం ఏమిటంటే, ఒక యజమానితో సేవా ఒప్పందం నడుస్తుండగా అది మరో యజమాని దగ్గర సేవకు అడ్డంకే. ఒప్పందంలోనే అందుకు వీలుంటేనో, మొదటి యజమాని ఒప్పుకుంటేనో తప్ప. అంటే మౌనం మీ వైపు పనిచేయదు.

అయితే అది మాట్లాడింది మరో యజమాని దగ్గర 'సేవ' గురించి, అంటే రెండో ఉద్యోగం గురించి. సొంతంగా వారాంతంలో ఫొటోలు తీయడం, పుస్తకం రాయడం, అద్దెకు ఇల్లు ఇవ్వడం వేరు. షరతు లేనిచోట ఇలాంటివాటికి అడ్డు చెప్పడం కంపెనీకి కష్టం. ఫ్యాక్టరీల్లో, గనుల్లో మాత్రం చట్టమే నేరుగా అడ్డుకుంటుంది. ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన రోజే మరో ఫ్యాక్టరీలో పనిచేయనివ్వకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అన్నది. కొత్త వృత్తి భద్రతా కోడ్‌లోనూ అలాంటి నిబంధన ఉంది. అది కార్మికుడి అలసట, ప్రమాదాల గురించి పుట్టిన నిబంధన. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు దాన్ని లాగలేరు.

ఆఫీసు బయట నేనేం చేస్తే కంపెనీకెందుకు?

ఈ వాదనకు బలం ఉంది, కానీ తక్కువ మేరకే. గ్లాక్సో కేసులో సుప్రీంకోర్టు యజమాని అధికారానికి ఆవరణ దాటితే పెద్దగా చోటు లేదని, అతడు కార్మికులకు గురువు కాదని అంది. ఆ కేసులో వివాదం ఆవరణ బయట జరిగిన ప్రవర్తన మీద, స్టాండింగ్ ఆర్డర్స్ అర్థం మీద. మీరు సంతకం పెట్టి ఒప్పుకున్న షరతు మీద కాదు.

మీ పనికి సంబంధం లేని వ్యక్తిగత జీవితం మీద శిక్ష వేస్తే గ్లాక్సో తీర్పు పనికొస్తుంది. 'అనుమతి లేకుండా వేరే పని చేయను' అని మాటిచ్చి తప్పినప్పుడు అంతగా ఆదుకోదు.

ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఊహించుకుందాం. హైదరాబాద్‌లో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఒక డెవలపర్ రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. లిఖిత అనుమతి లేకుండా వేరే పని చేయరాదన్న రెండో రకం షరతు ఉంది. బంధువుల మందుల హోల్‌సేల్ షాపుకు శని, ఆదివారాల్లో సొంత ల్యాప్‌టాప్ మీద స్టాకు, బిల్లింగ్ యాప్ చేసిపెట్టాడు. నెలకు 40,000 చొప్పున ఆరు నెలలకు 2,40,000 వచ్చింది. కంపెనీని అడగలేదు.

మొదటి నెలలోనే షరతు ఉల్లంఘన జరిగిపోయింది. డబ్బు తక్కువా ఎక్కువా అన్నది అనవసరం. కానీ కంపెనీకి నష్టమేమిటని అడిగితే చెప్పడానికి దాదాపు ఏమీ లేదు. కంపెనీ మందుల షాపుల బిల్లింగ్ చేయదు, పని వేళలు వాడలేదు, కంపెనీ యంత్రం వాడలేదు. ఇలాంటి చోట హెచ్చరిక, ఆ పని ఆపమనడం, లేదా ఇకపై అనుమతి తీసుకోమనడం సబబైన చర్య. నేరుగా ఉద్యోగం తీసేస్తే తప్పుకు మించిన శిక్ష అని వాదించే చోటు ఉంటుంది.

ఏడో నెలలో ఆ హోల్‌సేలర్, "చిల్లర షాపులవాళ్లు యాప్‌లోనే డబ్బు కట్టేలా పెట్టు, మిగతా డీలర్లకూ అమ్ముదాం" అన్నాడు. మనవాడు పెట్టాడు. ఇక్కడ కథ మారింది. చెల్లింపులే అతడి కంపెనీ వ్యాపారం. ఆఫీసులో రోజూ చూసే డిజైన్, లోపాల మీద నేర్చుకున్న జాగ్రత్తలు కొత్త యాప్‌లోకి వెళ్లాయా లేదా అని కంపెనీ అడుగుతుంది. వెళ్లలేదని నిరూపించడం కష్టం. ఇప్పుడది పోటీ, గోప్యతా ఉల్లంఘన అనుమానం, ప్రయోజనాల వైరుధ్యం మూడూ కలిసిన కేసు. తొలగింపు నిలబడుతుంది. యాప్‌ను నిలిపేయమని సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కూడా అడగొచ్చు. మొదటి ఆరు నెలలకు అనుమతి తీసుకుని ఉంటే, ఏడో నెలలో పని స్వభావం మారుతోందని మళ్లీ అడగాల్సిన సందర్భం అతడికి ముందే తెలిసేది.

ఇలాంటి వివాదాలు పనిగంటల దగ్గర కన్నా, చిన్న పని మెల్లగా యజమాని వ్యాపారంలోకి జరిగినచోటే ముదురుతాయి.

షేర్లు కొనడం, యూట్యూబ్, ట్యూషన్లు, భార్య పేరున వ్యాపారం: ఇవీ లెక్కలోకి వస్తాయా?

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, పొలం, ఇంటి అద్దె అంటే పెట్టుబడులు. మామూలుగా నిషేధం వీటికి తగలదు. ఒక్క మినహాయింపు ఉంది. లిస్టయిన కంపెనీ లోపలి సమాచారం తెలిసే హోదాలో ఉంటే ట్రేడింగ్ ఆంక్షలు విడిగా ఉంటాయి. పోటీ సంస్థలో చెప్పుకోదగ్గ వాటా కొన్నా చాలా నియమావళులు ముందే చెప్పమంటాయి.

యూట్యూబ్ ఛానల్ వంటల మీదైతే ఎవరూ పట్టించుకోరు. కంపెనీ వాడే టెక్నాలజీ మీద డబ్బుకు కోర్సులు అమ్మితే అది వృత్తి అవుతుంది. ట్యూషన్లదీ అదే దారి. వారాంతంలో అమీర్‌పేట శిక్షణ సంస్థలో గంటకు ఇంతని పాఠాలు చెబితే అనుమతి అవసరం.

భార్య పేరున, భర్త పేరున, నాన్న పేరున నడిపిస్తే తప్పించుకోవచ్చనుకునేవాళ్లు చాలామంది. 'నేరుగా గానీ పరోక్షంగా గానీ' అన్న మాట ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. జీవిత భాగస్వామి నిజంగా సొంత వ్యాపారం నడుపుకోవడం తప్పు కాదు. డబ్బు వాళ్ల ఖాతాలో పడి, పని మీరు చేస్తేనే సమస్య. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో డైరెక్టర్‌గా పేరు పెట్టించుకోవడం మరీ అమాయకత్వం. డైరెక్టర్ల వివరాలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

అనుమతి ఎలా అడగాలి? అడిగితే అనుమానం రాదా?

కొంత రావొచ్చు. అయినా అడగని అనుమతి కన్నా తిరస్కరించిన అనుమతే నయం, ఎందుకంటే కనీసం హద్దు తెలుస్తుంది. 2022 ఆగస్టులో స్విగ్గీ షరతులతో అనుమతించే విధానం తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఉద్యోగులకు గట్టి హెచ్చరిక పంపిన ఇన్ఫోసిస్, అక్టోబరులో మేనేజర్ల ముందస్తు అనుమతితో చిన్నచిన్న బయటి పనులకు దారి ఇచ్చింది. కాబట్టి అడగడం వింతేమీ కాదు.

మెయిల్ మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు కలిపి పంపండి. ఎవరికి పని చేస్తారు, ఏం చేస్తారు, వారానికి ఎన్ని గంటలు, ఏ రోజుల్లో, ఎంతకాలం అన్నది రాయండి. ఆ క్లయింటు కంపెనీకి పోటీదారు గానీ, కస్టమర్ గానీ, సరఫరాదారు గానీ కాదని స్పష్టంగా చెప్పండి. కంపెనీ ల్యాప్‌టాప్, మెయిల్, లైసెన్సులు, కోడ్, డేటా ఏదీ వాడనని, ఆన్-కాల్ డ్యూటీకి అడ్డు రానివ్వనని ఒక వాక్యం. ఆ పనిలో పుట్టే కోడ్ మీద కంపెనీకి హక్కు ఉండదని ఒప్పుకోమని మరో వాక్యం. ఈ చివరిదాన్ని అడగడం చాలామంది మరిచిపోతారు. తర్వాత ఎక్కువ తలనొప్పి ఇచ్చేదీ అదే.

వారంలో జవాబు రాకపోతే గుర్తుచేయండి. మౌనాన్ని అంగీకారంగా లెక్కపెట్టకండి. వచ్చిన జవాబును మీ సొంత మెయిల్‌లో గానీ కాగితం మీద గానీ దాచుకోండి. ఉద్యోగం పోయిన రోజు కంపెనీ మెయిల్ తెరుచుకోదు. అయితే ఆ ఒక్క జవాబు తప్ప వేరే మెయిళ్లేవీ సొంత ఖాతాకు పంపుకోకండి. అది డేటా తరలింపు కింద మరో ఆరోపణ అవుతుంది.

కంపెనీకి ఎలా తెలుస్తుంది?

ఎక్కువగా పీఎఫ్ వల్ల. యూఏఎన్ ఒక మనిషికి ఒకటే. రెండో కంపెనీ కూడా మిమ్మల్ని ఉద్యోగిగా చూపి పీఎఫ్ కడితే అదే యూఏఎన్ కింద రెండో సభ్యత్వం పుడుతుంది. రెండు సంస్థల్లో తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. తర్వాత ఎప్పుడో మూడో కంపెనీలో చేరేటప్పుడు నేపథ్య తనిఖీ చేసే ఏజెన్సీ మీ సర్వీసు చరిత్ర అడిగితే ఆ అతివ్యాప్తి బయటపడుతుంది. మూడేళ్ల క్రితం పని ఇప్పుడు దొరకడం ఇలాగే.

ఫ్రీలాన్స్ పనికి పీఎఫ్ ఉండదు. టీడీఎస్ మాత్రం మీ పాన్ మీద ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. అది మీ లాగిన్‌లో ఉంటుంది, మీ యజమాని తనంతట తాను చూడలేడు. తనిఖీ కోసం కాపీ ఇవ్వమంటే తెలిసిపోతుంది. ఇక లింక్డ్‌ఇన్ ప్రొఫైల్, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తెరిచిన వేరే కంపెనీ మెయిల్, ఆఫీసు మీటింగు నడుస్తున్న వేళ వేరే రిపాజిటరీలో పెట్టిన కమిట్ టైమ్ ఉండనే ఉన్నాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీరు తెరిచేదంతా కంపెనీ చూడగలదనే అనుకోండి.

దొరికితే ఏం జరుగుతుంది?

2022 సెప్టెంబరులో విప్రో పోటీ కంపెనీలకు పనిచేస్తున్న 300 మందిని తీసేశామని ప్రకటించింది. అక్కడ అసలు విషయం 'పోటీ కంపెనీలు'.

మామూలుగా మొదట షోకాజ్ నోటీసు వస్తుంది, రెండు మూడు రోజుల గడువుతో. కంగారులో 'అవును, తప్పయింది' అని మెయిల్ కొట్టకండి. అలాగని అబద్ధమూ ఆడకండి, ఎందుకంటే దాచిపెట్టడం రెండో ఆరోపణగా చేరుతుంది. ఏ షరతును, ఏ తేదీల్లో, ఏ పని వల్ల ఉల్లంఘించానంటున్నారో చెప్పి ఆధారాలు చూపమని రాతపూర్వకంగా అడగండి. సమయం చాలకపోతే గడువు కోరండి. తర్వాత వాస్తవాలు మాత్రమే రాయండి. పని ఏమిటి, ఎప్పుడు చేశారు, కంపెనీ సమయం, పరికరాలు వాడలేదన్నది, పోటీ కాదన్నది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం సెక్షన్ 47 ఇక్కడ ముఖ్యం. ఆరు నెలలు నిరంతరం పనిచేసిన ఉద్యోగిని సబబైన కారణం లేకుండా, కనీసం నెల నోటీసు గానీ బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. నోటీసు లేకుండా దుష్ప్రవర్తన కింద తీసేయాలంటే విచారణలో నమోదైన ఆధారం ఉండాలి. ఉల్లంఘిస్తే ఆ చట్టం కింద నియమించిన అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. సంస్థ వ్యవహారాల మీద అదుపు ఉండే మేనేజ్‌మెంట్ హోదాలకు ఈ రక్షణ లేదు. చాలా కంపెనీలు విచారణ జంజాటం పడకుండా 'రాజీనామా చేయండి, రిలీవింగ్ లెటర్ ఇస్తాం' అంటాయి. సంతకం పెట్టే ముందు లెటర్‌లో ఏ కారణం రాస్తారో, బకాయిలు ఎప్పుడిస్తారో రాతలో తీసుకోండి.

చేసిన పనికి జీతం ఆపే హక్కు కంపెనీకి లేదు. వేతనాల కోడ్ ప్రకారం తొలగింపు గానీ రాజీనామా గానీ జరిగిన రెండు పనిదినాల్లో వేతనాలు ఇవ్వాలి. కాంట్రాక్టులో 'ఉల్లంఘిస్తే ఐదు లక్షలు' అని ఉన్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 కింద కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని సబబైన పరిహారమే. ఐదు లక్షలూ దానంతటదే రాలిపడవు.

వారాంతంలో రాసిన కోడ్ ఎవరిది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా తయారైనదానికి యజమానే మొదటి హక్కుదారు. సొంత సమయంలో, సొంత యంత్రం మీద, ఉద్యోగానికి సంబంధం లేని పని ఆ లెక్కన మీదే. అయితే కొన్ని మేధోసంపత్తి ఒప్పందాలు 'ఉద్యోగకాలంలో సృష్టించినదంతా కంపెనీకి బదిలీ' అని రాయించుకుంటాయి. అలాంటి సంతకం పెట్టి, అదే కోడ్‌ను క్లయింటుకు మీదిగా అమ్మితే ఇద్దరికీ ఒకే వస్తువు మాటిచ్చినట్టు. క్లయింటు ఒప్పందంలో కోడ్ హక్కులు పూర్తిగా తనవేనని మీతో హామీ తీసుకుంటాడు, తప్పితే నష్టపరిహారం మీ నెత్తిన. ఒక్కసారి ఆఫీసు ల్యాప్‌టాప్ మీద కంపైల్ చేసినా మీ వాదన పలచబడుతుంది.

పన్ను సంగతి?

ఫ్రీలాన్స్ రాబడి జీతం కాదు, వృత్తి ఆదాయం. ఖర్చుల లెక్క చూపకుండా ఆదాయం తేల్చే అంచనా పద్ధతి వర్తించే వృత్తి అయితే రాబడిలో సగం ఆదాయంగా చూపొచ్చు, ఐటీఆర్-1 బదులు ఐటీఆర్-4 వేయాలి. పై ఉదాహరణలో 2,40,000కు 1,20,000 ఆదాయం. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 37,440 పన్ను. పదివేలు దాటింది కాబట్టి మార్చి 15లోపు ముందస్తు పన్నుగా కట్టాలి. రెండు చోట్లా జీతం తీసుకుంటే చిక్కు వేరు. ఇద్దరు యజమానులూ స్టాండర్డ్ డిడక్షన్, కింది శ్లాబులు విడివిడిగా ఇచ్చేస్తారు, ఏడాది చివర తేడా మీరే వడ్డీతో కట్టుకోవాలి.

నోటీసు పీరియడ్‌లో కొత్త కంపెనీలో చేరొచ్చా?

చేరకూడదు. ఆఖరి పనిదినం దాకా మీరు పాత కంపెనీ ఉద్యోగే, నిషేధం అప్పటిదాకా బతికే ఉంటుంది. పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చినా అంతే. కొత్త చోట చేరే తేదీ రిలీవింగ్ తేదీ తర్వాతే ఉండేలా చూసుకోండి. ఒక్క వారం అతివ్యాప్తి కూడా పీఎఫ్‌లో రెండు ఉద్యోగాలుగానే కనిపిస్తుంది.

ప్రభుత్వోద్యోగులకు?

అనుమతి లేకుండా వ్యాపారం, వేరే ఉద్యోగం కుదరదు. కేంద్ర ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో రూల్ 15 ఈ విషయం చూస్తుంది. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా, శాస్త్ర రచనలకు, జీతం లేని సేవకు కొంత వెసులుబాటు ఉంది.

హెచ్-1బీ మీద ఉన్నాను, మా కంపెనీ ఒప్పుకుంది. చేయొచ్చా?

కంపెనీ ఒప్పుకోవడం సరిపోదు. ఆ వీసా మీ తరఫున పిటిషన్ వేసిన యజమాని దగ్గర పనికే. రెండో చోట పనిచేయాలంటే ఆ రెండో యజమాని కూడా విడిగా ఐ-129 పిటిషన్ వేయాలి, పార్ట్‌టైం అయినా సరే. సొంతంగా ఫ్రీలాన్స్, యాప్ డెలివరీలు, డబ్బుకు ఆన్‌లైన్ పాఠాలు అనుమతి లేని పని కిందికి వస్తాయి. అమెరికాలో కూర్చుని హైదరాబాద్ క్లయింటుకు పనిచేసి రూపాయల్లో తీసుకున్నా ఆ ముప్పు తప్పదని ఇమిగ్రేషన్ లాయర్లు హెచ్చరిస్తారు. ఇక్కడ పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, గ్రీన్‌కార్డు దరఖాస్తు సమయంలో స్టేటస్ ఉల్లంఘన ప్రశ్న మళ్లీ లేస్తుంది.